బతికి చిమ్మే విషం, చచ్చి వదిలే విషం

1950లలో కలకత్తాలోని ఒక ప్రయోగశాల. మత్తులో ఉన్న కుందేలు పొట్ట తెరిచి, సన్నపేగులో నాలుగంగుళాల తుంటను రెండు కొసలా దారంతో బిగించి కట్టారు. ఆ తుంటలోకి సూదితో కలరా క్రిములున్న ద్రవాన్ని ఎక్కించారు. పేగును మళ్లీ లోపల సర్ది పొట్ట కుట్టేశారు. మర్నాడు తెరిచి చూస్తే దారాల మధ్య తుంట నీళ్లు పట్టించిన బుడగలా ఉబ్బి ఉంది. లోపల ఉన్నది బియ్యం కడిగిన నీళ్లలాంటి పల్చటి ద్రవం. కలరా రోగి మంచం కింద బకెట్టులో కనిపించేది కూడా అదే.

ఈ పని చేసినవాడు శంభునాథ్ డే. రోగ నిర్ధారణ శాస్త్రం చదువుకున్న బెంగాలీ డాక్టరు. ఆ తర్వాత ఆయన ఇంకో అడుగు వేశాడు. క్రిములను పెంచిన ద్రవాన్ని, క్రిములేవీ దాటలేని సన్నటి వడపోతలో వడగట్టాడు. ఒక్క క్రిమి కూడా లేని ఆ ద్రవాన్నే పేగు తుంటలోకి ఎక్కించాడు. తుంట మళ్లీ అలాగే ఉబ్బింది. అంటే పేగుల్లోంచి నీళ్లు తోడేస్తున్నది క్రిమి ఒళ్లు కాదు, బతికుండగా అది బయటికి వదిలిన పదార్థం. ఈ ఫలితం 1959లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది.

వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, ఈ తేడా తేలడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. అందుకు కారణం కూడా కలరా క్రిమే.

రాబర్ట్ కోచ్ 1883 చివర్లో కలకత్తా వచ్చి, 1884లో కామా ఆకారంలో ఉండే కలరా క్రిమిని గుర్తించాడు. అది ఏదో విషంతోనే మనిషిని చంపుతోందని ఆయన నమ్మాడు. ఆ విషాన్ని వెతికిన ఆయన శిష్యుడు రిచర్డ్ ఫైఫర్‌కు 1892 ప్రాంతంలో ఒక వింత కనిపించింది. కలరా క్రిములను వేడి చేసి చంపేసి, ఆ చచ్చిన క్రిములనే గినీ పందుల ఒంట్లోకి ఎక్కిస్తే అవి చనిపోయాయి. అప్పటికే డిఫ్తీరియా క్రిమి తన విషాన్ని బయటికి చిమ్ముతుందని పారిస్‌లో రూ, యెర్సిన్ 1888లో చూపించారు. కలరాది అలా కాదు, విషం క్రిమి ఒంట్లోనే ఉందని ఫైఫర్ తేల్చి, దానికి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టాడు. ‘ఎండో’ అంటే లోపలిది. బయటికి చిమ్మేది ఎక్సోటాక్సిన్. ఆ మీదట చాలామంది కలరా విషాన్ని క్రిమి ఒంట్లోనే వెతుకుతూ కూర్చున్నారు. పైగా విషాన్ని జంతువుల ఒంట్లోకి, రక్తంలోకి ఎక్కించి చూసేవారు. జబ్బు పుట్టేది పేగు లోపల కాబట్టి అక్కడే పెట్టి చూడాలన్నది డే చేసిన అసలు మార్పు.

డే పట్టుకున్న విషం ఒక ప్రోటీన్. దానికి రెండు భాగాలు. ఒకటి అయిదు రేకులున్న పువ్వులాంటిది. అది పేగు గోడ కణాల మీద ఉండే ఒక రకం కొవ్వుకు అతుక్కుంటుంది. రెండోది కణం లోపలికి దూరి పనిచేసే భాగం. పేగు కణంలో ఉప్పునూ నీళ్లనూ ఎప్పుడు బయటికి వదలాలో నిర్ణయించే మీట ఒకటుంది. మామూలుగా అది పడుతూ లేస్తూ ఉంటుంది. ఈ విషం ఆ మీటను ‘ఆన్’లోనే ఇరికించేస్తుంది. క్లోరైడు ధారగా పేగులోకి వెళ్లిపోతుంది. దాని వెంట సోడియం, వాటి వెంట నీళ్లు. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా పోవచ్చు. అయినా రోగుల పేగు నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే గోడ చెక్కుచెదరకుండా కనిపించింది. కాలిందీ లేదు, చిల్లు పడిందీ లేదు. కొళాయి మాత్రం కట్టలేదు.

ఇక్కడే ప్రాణాలు కాపాడిన ఒక సంగతి ఉంది. విషం ఇరికించింది ఒక్క మీటనే. పేగు కణంలో చక్కెరనూ సోడియాన్నీ జంటగా లోపలికి లాక్కునే ఇంకో ద్వారం ఉంది. దాని జోలికి ఈ విషం పోదు. ఉప్పు ఒక్కటే కలిపిన నీళ్లు తాగిస్తే అలాగే వెళ్లిపోతాయి. గ్లూకోజు కూడా కలిపితే ఆ రెండో ద్వారం తెరుచుకుని సోడియంతోపాటు నీళ్లూ ఒంట్లోకి చేరతాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్ కొలతలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండడానికి కారణం అదే. పొటాషియం క్లోరైడు, సిట్రేటు కొద్దిగా తోడవుతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ బృందం ఇలాంటి ద్రవాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించింది. మరణాలు నూటికి ముప్పై దాకా ఉన్న చోట నాలుగు లోపుకు దిగాయి.

ఎక్సోటాక్సిన్‌కు ఇంకో గుణం ఉంది. క్రిమి ఒకచోట ఉంటుంది, విషం ఇంకోచోట పనిచేస్తుంది. దీన్ని కళ్లారా చూడాలంటే పసిబిడ్డల వార్డుకు వెళ్లాలి.

పుట్టి వారం తిరిగిందో లేదో, బిడ్డ బొడ్డు దగ్గర చిన్న చీము పొక్కు. అందులో ఉండేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే మామూలు చీము క్రిమి. రెండు రోజులకు బిడ్డ ఒళ్లంతా ఎర్రబడుతుంది. ఎత్తుకుంటే ఏడుస్తుంది. చంకల్లో, గజ్జల్లో చర్మం ముడతలు పడి, వేలితో మెల్లగా రాస్తే పై పొర ఉల్లిపొరలా జారిపోతుంది. చూసినవాళ్లు వేడినీళ్లు పడ్డాయేమో అనుకుంటారు. ఆ పొక్కుల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపితే క్రిములేవీ ఉండవు. క్రిములు బొడ్డు దగ్గరే ఉన్నాయి. అవి వదిలిన విషం రక్తంలో కలిసి చర్మమంతటికీ చేరింది.

ఆ విషం నిజానికి ఒక కత్తెర. చర్మం పై పొరలో కణాన్ని కణంతో కలిపి ఉంచే పట్టీల్లో డెస్మోగ్లీన్-1 అనే ప్రోటీన్ ఒకటి. కత్తెర సరిగ్గా దాన్నే, ఒకే చోట, కత్తిరిస్తుంది. నోటి లోపలి పొరలో డెస్మోగ్లీన్-3 దండిగా ఉంటుంది కాబట్టి ఒకటి తెగినా పట్టు వదలదు. అందుకే ఒళ్లంతా ఊడుతున్నా బిడ్డ నోరు శుభ్రంగా ఉంటుంది. డాక్టర్లు జబ్బును గుర్తుపట్టడానికి ఇదొక ఆనవాలు. చీలిక చాలా పైపైనే కాబట్టి రెండు వారాల్లోపు మచ్చ కూడా లేకుండా మానుతుంది. పెద్దవాళ్లలో ఇది అరుదు. వాళ్లకు ఈ విషాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు ఉంటాయి, మూత్రపిండాలు దాన్ని వడగట్టేస్తాయి. మూత్రపిండాలు చెడిన పెద్దవాళ్లలో మాత్రం కనిపిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజు కూడా కొత్త పొక్కులు లేవవచ్చు. మందు క్రిమిని చంపుతుంది గానీ, అప్పటికే రక్తంలో కలిసిన విషాన్ని వెనక్కి పిలవలేదు.

రక్తం దగ్గరికి వస్తే ఫైఫర్ చూసిన రెండో రకం విషం అసలు రూపం తెలుస్తుంది.

మధుమేహం ఉన్న పెద్దావిడకు మూత్రంలో మంట అనుకుందాం. నాలుగు రోజులు నిర్లక్ష్యం చేశారు. ఒక సాయంత్రం పళ్లు టకటకలాడేంత చలి పుట్టింది, రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. తర్వాత జ్వరం. అర్ధరాత్రికి మాట తడబడుతోంది, బీపీ పడిపోయింది. మూత్రనాళంలోని ఇ. కోలై క్రిములు రక్తంలోకి దాటాయన్నమాట. ఇ. కోలై, టైఫాయిడ్, కలరా క్రిములు ఒక తెగవి. వాటి పై పొరలోనే కొవ్వూ చక్కెరలూ అతికిన ఒక పదార్థం ఉంటుంది. అదే ఎండోటాక్సిన్. పేరుకు లోపలిదే గానీ, ఉండేది పై పొరలోనే. క్రిమి చచ్చి చిట్లినప్పుడు ముక్కలుగా విడిపోతుంది, బతికుండగా కూడా కొంత రాలుతుంది. చర్మం ఊడగొట్టే చీము క్రిమికి ఈ పొరే లేదు.

ఎక్సోటాక్సిన్‌లా ఇది కత్తిరించదు, మీటలు ఇరికించదు. తనంతట తానుగా చేసేది చాలా తక్కువ. తెల్లరక్తకణాల మీద టీఎల్ఆర్-4 అనే కాపలాదారు ఉంటాడు. ఎండోటాక్సిన్ తగలగానే అతను గంట మోగిస్తాడు. జ్వరం తెప్పించే, రక్తనాళాలను వదులు చేసే రసాయనాలు విడుదలవుతాయి. మూత్రనాళంలో కొద్దిపాటి క్రిములైతే ఆ గంట మంచిదే. రక్తమంతా ఒకేసారి మోగితే నాళాలు వదులై నీరు కారుతాయి, బీపీ పడుతుంది, సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు పరిశోధన కోసం కిలో బరువుకు 4 నానోగ్రాముల ఎండోటాక్సిన్ ఇస్తే గంటా రెండు గంటల్లో చలి, జ్వరం వస్తాయి. అరవై కిలోల మనిషికి అది గ్రాములో నలభై లక్షలవ వంతు.

కాపలాదారు సంగతి తేల్చింది ఎలుకలు. ఎండోటాక్సిన్ ఎంత ఎక్కించినా చలించని ఎలుకల జాతి ఒకటుంది. బ్రూస్ బాయ్‌ట్లర్ బృందం 1998లో వాటి జన్యువును వెతికి, చెడింది టీఎల్ఆర్-4 అని కనిపెట్టింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. ఆ ఎలుకలు విషానికి చావవు గానీ, బతికున్న క్రిములు కొన్ని ఒంట్లో చేరితే మిగతావాటికంటే త్వరగా చస్తాయి. గంట మోగదు కాబట్టి ఎవరూ లేవరు. ఈ గంటను ఆపే మందును సెప్సిస్ రోగుల మీద పరీక్షిస్తే మరణాలు తగ్గలేదు. రోగి ఆసుపత్రికి చేరేసరికే గంట మోగి చాలాసేపయి ఉంటుంది.

ఈ రెంటి మధ్య తేడా మందుల తయారీలోనూ కనిపిస్తుంది. ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలు ప్రోటీన్లు. ఫార్మలిన్‌తో కోరలు పీకి, రూపం చెడకుండా ఉంచితే అవే టీకాలవుతాయి. వేడికి కూడా చాలా ఎక్సోటాక్సిన్లు చెడిపోతాయి. ఎండోటాక్సిన్ మీద ఈ రెండు ఉపాయాలూ సాగవు. 121 డిగ్రీల ఆవిరిలో పెడితే క్రిములు చస్తాయి గానీ వాటి పొర అలాగే మిగులుతుంది. దాన్ని వదిలించాలంటే గాజు సామాన్లను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. సెలైన్ ఎక్కిస్తుండగానే చలి పుట్టి వణికిపోయారని వెనకటి తరంవాళ్లు చెప్పే సంఘటనల్లో కొన్నింటికి మూలం ఇదే. నీళ్లు మరిగాయి, క్రిములు చచ్చాయి, తొక్కలు మిగిలాయి. అమెరికాలో ఫ్లోరెన్స్ సీబర్ట్ 1920లలోనే ఈ ‘ఇంజక్షన్ జ్వరం’ గుట్టు విప్పింది. ఇప్పుడు హైదరాబాద్ టీకా కంపెనీల్లో కూడా ఎండోటాక్సిన్ పరీక్ష దాటకుండా ఇంజక్షన్ బయటికి రాదు. ఎన్నో ఏళ్లుగా ఆ పరీక్షకు ఆధారం గుర్రపునాడా పీత నీలి రక్తం. ఎండోటాక్సిన్ లేశమాత్రం తగిలినా అది గడ్డకడుతుంది.

ఇంతకీ ఫైఫర్ చూసింది తప్పు కాదు. కలరా క్రిమి ఒంటి మీద ఎండోటాక్సిన్ ఉంది, గినీ పందులను చంపిందీ అదే. కాకపోతే ఆయన దాన్ని పేగు దాటించి పొట్ట కుహరంలో పెట్టాడు. మనిషిలో కలరా క్రిమి పేగు గోడను దాటి రక్తంలోకి సాధారణంగా రాదు. పేగులో ఉన్నంతసేపు ఎండోటాక్సిన్‌తో మనకు పెద్దగా పేచీ లేదు, మన పేగుల్లో నిత్యం ఉండే కోటానుకోట్ల క్రిములు మోసేదీ అదే సరుకు. అందుకే కళ్లు లోతుకుపోయి, చేతి మీద పట్టి వదిలిన చర్మం ముడత అలాగే నిలబడిపోయిన కలరా రోగి చంకలో థర్మామీటరు పెడితే చాలాసార్లు జ్వరం ఉండదు. ఒళ్లు చల్లగా తగులుతుంది.