300 కిలోమీటర్లా, 360 కిలోమీటర్లా?

కొన్ని స్కూళ్లలో లెక్కల వర్క్‌షీటు ఏటా కొత్తగా తయారు కాదు. నిరుటి కాగితం మీది అంకెల్ని రబ్బరుతో చెరిపి, అక్కడే పెన్సిల్‌తో కొత్త అంకెలు వేసి, జిరాక్స్ తీయించి పంచుతారు. బడికి రాని పిల్లల కోసం ఎవరో ఒక తల్లి ఆ జిరాక్స్ కాపీని ఫోన్‌తో స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. అప్పటికే ఆ ఇంటి పిల్లవాడు దాని మీద తన పెన్సిల్‌తో సగం లెక్క చేసేసి ఉంటాడు. ఇలా ఒకే కాగితం మీద అచ్చు అక్షరం, సార్ నిరుడు రాసి చెరిపింది, ఈ ఏడు రాసింది, పిల్లవాడి గీతలు అన్నీ కలిసిపోతాయి. లెక్క తప్పడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. ప్రశ్నను తప్పుగా చదివితే ఆ తర్వాత ఎంత బాగా చేసినా లాభం లేదు.

పదో తరగతిలో బాగా నలిగిన రైలు లెక్కనే తీసుకుందాం. ‘ఒక రైలు ఇన్ని కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది. వేగం గంటకు 5 కి.మీ. ఎక్కువై ఉంటే ఇన్ని గంటలు తక్కువ పట్టేది. రైలు వేగమెంత?’ మాటలు అచ్చులో శుభ్రంగా ఉన్నాయి. అంకెలున్న రెండు చోట్లే చేతిరాత. దూరం దగ్గర 3 స్పష్టంగానే ఉంది. దాని పక్కన సున్నాలాగా, 6లాగా, కాసేపు చూస్తే 8లాగా కూడా కనిపించే ఒక ముద్ద ఉంది. చివర సున్నా. గంటల దగ్గర ఒక నిలువు గీత ఉంది, దాని అడుగున వెలిసిపోయిన చిన్న అడ్డగీత. అది 1 అనుకోవచ్చు, 2 అనీ అనుకోవచ్చు.

చాలామంది వెంటనే రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేస్తారు. దానివల్ల ముద్ద పెద్ద ముద్ద అవుతుంది, అంతే. అక్కడ లోటు సైజుది కాదు, కాగితం తెలుపుకీ గీత బూడిద రంగుకీ మధ్య తేడా సరిపోకపోవడం. స్కానింగ్ యాప్‌లలోని బ్లాక్ అండ్ వైట్ పద్ధతి ఈ తేడాను ఇంకా పాడుచేస్తుంది. ఒక హద్దు పెట్టుకుని దానికంటే ముదురుగా ఉన్న చుక్కను పూర్తి నలుపుగా, లేతగా ఉన్నదాన్ని పూర్తి తెలుపుగా మార్చేస్తుంది. లేత పెన్సిల్ గీత హద్దుకు ఇవతల పడితే మాయమవుతుంది. చెరిపిన గీత మరక అవతల పడితే నిజమైన గీతలాగా నల్లగా నిలబడుతుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించే ఫిల్టర్లూ దాదాపు ఇదే పని చేస్తాయి. అందుకే రంగులు మార్చని ఫొటో గానీ, గ్రేస్కేల్ స్కాన్ గానీ అడిగి తెప్పించుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనాలి. అది వచ్చాక వెలుతురు తగ్గించి కాంట్రాస్ట్ పెంచితే, లేత గీతకూ ముదురు గీతకూ తేడా కంటికి తెలుస్తుంది.

స్కాన్‌లో అంకె నున్నగా, స్పష్టంగా ఉంటే అది నిజమే అయ్యుంటుందని కూడా అనుకోకూడదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఒక ఇంటి ప్లాను స్కాన్‌లో వింత చూశాడు. వేరువేరు కొలతలున్న మూడు గదులకూ 14.13 చదరపు మీటర్లు అనే వచ్చింది. వాడిన యంత్రం జిరాక్స్ కంపెనీది. ఫైలు చిన్నదవడానికి అది ఒకేలా కనిపించిన గుర్తుల్ని ఒక్కసారే దాచుకుని మిగతా చోట్ల అదే అతికించింది. అలా 6 ఉండాల్సిన చోట 8 పడిన సందర్భాలూ బయటపడ్డాయి. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

మళ్లీ మన రైలు దగ్గరికి వద్దాం. అంకెల్ని విడివిడిగా ఊహించే ముందు లెక్క లోపల ఏముందో చూద్దాం. వేగాన్ని v అనుకుంటే, దూరాన్ని 5తో హెచ్చించి తగ్గిన గంటలతో భాగిస్తే v(v + 5) విలువ వస్తుంది. అంటే 5 తేడా ఉన్న రెండు సంఖ్యల లబ్ధం అన్నమాట. దూరం 360, తగ్గింది 1 గంట అయితే లబ్ధం 1800. అది 40 × 45, వేగం 40. చక్కగా వచ్చింది కదా అని అక్కడే ఆగితే దెబ్బతింటాం. దూరం 300, తగ్గింది 2 గంటలు అనుకుంటే లబ్ధం 750. అదీ 25 × 30, వేగం 25. ఇదీ అంతే చక్కగా వచ్చింది!

ఇప్పుడు కలగలిపి చూద్దాం. 360, 2 అయితే లబ్ధం 900. 27 × 32 చేస్తే 864, 28 × 33 చేస్తే 924, మధ్యలో పూర్ణసంఖ్య లేదు. 300, 1 అయితే 1500, అదీ కుదరదు. ముద్దను 8గా చదివి 380, 1 అనుకుంటే 1900, అదీ అంతే. దీన్నిబట్టి 360తో 1, 300తో 2 జతలని తెలుస్తోంది. ఒక జత నిరుటిది, ఒకటి ఈ ఏటిది. ఒక అంకె పాత పొర నుంచీ ఇంకొకటి కొత్త పొర నుంచీ తీసుకోవడమే ఇలాంటి కాగితాల మీద జరిగే అసలు పొరపాటు. అయితే రెండు జతల్లో ఏది ఇప్పటిదో లెక్క చెప్పలేదు. అది కాగితమే చెప్పాలి.

పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్, బంకమట్టి. సిరాలాగా అది కాగితంలోకి ఇంకదు, నారల మీద అంటుకుంటుంది. రబ్బరు పైన ఉన్నదాన్ని లాగేస్తుంది గానీ నారల సందుల్లోది కొంత మిగిలిపోతుంది, కొంత పక్కకు పులుముకుంటుంది. కాబట్టి చెరిపిన అంకె లేతగా, అంచులు చెదిరి, చుట్టూ మసితో ఉంటుంది. కొత్త అంకె అంచులు తెగినట్టుంటాయి. మన ముద్దలో గుండ్రటి సున్నా అంచు చెదిరి ఉంది, దాని మీదుగా దిగిన 6 తోక తెగకుండా ఒకే నలుపులో ఉంది. గంటల దగ్గర నిలువు గీత ముదురు, కింది అడ్డగీత లేత. అది చెరిగిన 2కు పాదం. రెండు చోట్లా ముదురు గీతలు ఒకే జతను చూపిస్తున్నాయి: 360, 1.

ఇంకో సాక్ష్యం అదే కాగితం మీద దొరుకుతుంది. సార్ మరో ప్రశ్నలో వేసిన 6 ఎలా ఉంది? ఆయన 1 కింద ఎప్పుడైనా అడ్డగీత పెడతారా? ఆ చేతిని ఆ చేతితోనే పోల్చాలి, మనం రాసే తీరుతో కాదు. పిల్లవాడు కింద 300 వేసుకుని లెక్క మొదలుపెట్టాడంటే అది అతని చదువు మాత్రమే, సాక్ష్యం కాదు. దశాంశ బిందువులాంటి చుక్క కనిపిస్తే మిగతా పేజీలు తిప్పండి. ప్రతి పేజీలో అదే చోట ఉంటే అది జిరాక్స్ అద్దం మీది దుమ్ము.

సార్ దగ్గరున్న అసలు కాగితమే చేతికొస్తే పని తేలిక. చీకటి గదిలో టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే, గ్రాఫైట్ పోయినా ముల్లు నొక్కిన గాడి నీడగా కనిపిస్తుంది. జిరాక్స్ కాపీ మీద మాత్రం ఎంత వెలుగు వేసినా ఆ గాడి కనిపించదు. యంత్రం బల్లపరుపు బొమ్మనే తీసింది మరి.

ఇంత చూసినా తేలకపోతే సార్‌ను అడగాలి, కానీ ‘కనబడట్లేదు సార్’ అని కాదు. ‘రెండో లెక్కలో 360, 1 గంటా? లేక 300, 2 గంటలా?’ అని అడిగితే ఆయన ఒక్క మాటలో చెప్పగలరు. అడిగే వీలు లేకపోతే జవాబు పైన ‘దూరం 360 కి.మీ., 1 గంట అని చదివాను’ అని రాసి మొదలుపెట్టాలి. ఇక టీచర్లకు ఒక మనవి: అంకె మార్చాల్సి వస్తే చెరిపి రాయకండి. పాత అంకె మీద తెల్ల కాగితం ముక్క అతికించి, నల్ల పెన్నుతో కొత్తది రాసి, అప్పుడు జిరాక్స్‌కు పంపండి.