ఫ్రెంచి ఒప్పందంలో రెండు రకాల నోటీసులు

పారిస్‌లో ఇంజినీరు ఉద్యోగ ఒప్పందాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అసలు చిక్కు నోటీసు దగ్గరే వస్తుంది. ట్రయల్ ముగిశాక ఉద్యోగం వదిలేందుకు ఇచ్చే గడువును ఫ్రెంచిలో ‘ప్రెఆవి’ అంటారు. ఇంజినీర్లకు ఇది చాలాచోట్ల 3 నెలలు. ట్రయల్ నడుస్తుండగా ఇచ్చేది వేరు, దాని పేరు ‘దెలె ద ప్రెవెనాన్స్’. రెండింటినీ ‘నోటీస్ పీరియడ్’ అనేస్తే, రెండో నెలలో మానేయాలనుకున్న మనిషి 3 నెలలు ఆగాలేమోనని భయపడతాడు. చట్టం ప్రకారం అతనికి 48 గంటలు చాలు. కంపెనీయే వద్దంటే మాత్రం 2 వారాల ముందే చెప్పాలి. కాబట్టి రెండోదానికి ‘అడ్వాన్స్ నోటీస్ డ్యూరింగ్ ట్రయల్ పీరియడ్’ అని విడిగా రాయాలి.

గడువు లేని ఒప్పందం ‘సీడీఐ’. దాన్ని ‘పర్మనెంట్’ అనడంలో తప్పులేదు. జాగ్రత్తంతా నిర్ణీత కాలపు ‘సీడీడీ’తోనే. మన అలవాటు కొద్దీ అందులో ‘నెల నోటీసుతో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు’ అన్న వాక్యం చేర్చకూడదు. ట్రయల్ దాటాక దాన్ని మధ్యలో తెంచుకోవాలంటే ఇద్దరి అంగీకారమో, తీవ్రమైన తప్పో, ఉద్యోగికి వేరేచోట సీడీఐ దొరకడమో, ఇలా చట్టం చెప్పిన కారణం ఉండాలి.