నీలం ఫారంలో 12వ గడి

ఇటలీలో రెండు కార్లు తగులుకుని, మనుషులకేమీ కాకుండా రేకులు మాత్రమే నలిగితే, పోలీసుల కోసం ఎదురుచూడకుండానే పని అయిపోవడం మామూలు. ఇటలీ డ్రైవరు కారులోంచి ఒక నీలం కాగితం తీసి బానెట్ మీద పరుస్తాడు. దాని అసలు పేరు ‘కొన్‌స్తతత్సియోనే అమికేవోలే’. రెండు పక్షాలూ సామరస్యంగా కూర్చుని రాసుకునే ప్రమాద నివేదిక అన్నమాట. వాడుకలో మాత్రం ‘మోదులో బ్లూ’, నీలం ఫారం.

మన దగ్గర ఇలాంటిది అలవాటు లేదు. బండి గుద్దుకుంటే రోడ్డు మీదే పంచాయితీ పెట్టి ఎంతోకొంత చేతిలో పెట్టి వెళ్లిపోతారు, లేదంటే ఎవరి ఇన్సూరెన్సు క్లెయిము వాళ్లు విడిగా రాసుకుంటారు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే కాగితం మీద, ఒకరి పక్కన ఒకరు, జరిగింది రాసి సంతకాలు చేయడం మనవాళ్లకు కొత్త. అందుకే జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవుల్లో మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ దాటి గార్దా సరస్సుకు కారేసుకుని వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ కాగితం గురించి ముందే తెలుసుకోవడం మంచిది. భాష రాకపోయినా దీన్ని సరిగ్గా నింపవచ్చు. ఎక్కడ జాగ్రత్తపడాలో తెలిస్తే చాలు.

ఐరోపా బీమా సంస్థల సంఘం రూపొందించిన నమూనా ఇది. జర్మన్‌లో అచ్చయినా, ఫ్రెంచిలో అచ్చయినా, ఇటాలియన్‌లో అచ్చయినా గడుల వరుస, వాటి నంబర్లు ఒక్కటే. 3వ గడి ఏ భాషలోనైనా గాయాల గురించే అడుగుతుంది, 5వ గడి సాక్షుల గురించే. కాబట్టి తనకు తెలిసిన భాషలో ఉన్న ఖాళీ ఫారం ఒకటి పక్కన పెట్టుకుంటే, ఇటాలియన్ ఫారంలో ప్రతి గడికీ అనువాదం చేతిలో ఉన్నట్టే. నింపడం మాత్రం ఒక్క సెట్టే నింపాలి. ఇద్దరూ చెరొక ఫారం రాసుకుంటే రెండు కథలు తయారవుతాయి. ఫారం కింద నకలు కాగితం ఉంటుంది, పై ప్రతి మీద గట్టిగా రాస్తే అదే కిందికి దిగుతుంది. ఎడమ వైపు నీలం పట్టీ ‘ఎ’ వాహనానిది, కుడి వైపు పసుపు పట్టీ ‘బి’ వాహనానిది. ‘ఎ’ అంటే తప్పు చేసినవాడని గానీ, ‘బి’ అంటే నష్టపోయినవాడని గానీ కాదు. ఎవరు ఏ వైపైనా తీసుకోవచ్చు.

ఒక సందర్భం ఊహించుకుందాం. జర్మన్ నంబరు ప్లేటున్న కారులో భార్యాభర్తలు పెస్కియెరా దగ్గర ఒక రౌండబౌట్ ముందుకు వచ్చారు. లోపల తిరుగుతున్న కార్లకు దారి ఇవ్వడానికి ఆగారు. వెనక వస్తున్న ఇటలీ కారు ఆగలేక వచ్చి తగిలింది. వెనక బంపరు పగిలింది, డిక్కీ తలుపు సొట్టపోయింది. ఎవరికీ దెబ్బలు లేవు. ఇటలీ ఆయన మర్యాదస్తుడే, క్షమించమన్నాడు, ఫారం తీశాడు, తన వైపు చకచకా రాసి పెన్ను చేతికిచ్చాడు.

“ఏవండీ, సంతకం తర్వాత. ముందు 12వ గడి చూడండి” అంది భార్య.

ఆమె చెప్పిందే సరైన మాట. ఫారం మధ్యలో నిలువుగా ఉండే 12వ గడిలో 17 వాక్యాలుంటాయి. ఢీకొన్నప్పుడు ఏ బండి ఏం చేస్తోందో చెప్పే వాక్యాలవి. ప్రతి వాక్యానికీ అటు ‘ఎ’కి ఒక చిన్న చదరం, ఇటు ‘బి’కి ఒక చిన్న చదరం. తమకు వర్తించినదానికి ఎదురుగా గుర్తు పెట్టాలి. ‘తప్పు ఎవరిది?’ అన్న ప్రశ్న ఫారంలో ఎక్కడా లేదు. అది తప్పును ఒప్పుకోవడం కాదని ఫారమే చెబుతుంది. కానీ ఇన్సూరెన్సు కంపెనీలు తప్పు ఎవరిదో తేల్చుకునేటప్పుడు ముందుగా చూసేది ఈ గుర్తులనే.

మన భర్తగారికి 6వ వాక్యం కనిపిస్తుంది: రౌండబౌట్‌లోకి ప్రవేశిస్తోంది. ‘మేం వెళ్తోంది అక్కడికే కదా’ అని గుర్తు పెట్టేయాలనిపిస్తుంది. పెడితే నష్టం. అది బండి కదులుతూ లోపలికి వెళ్తోందని చెప్పే వాక్యం, ఆయన కారేమో ఆగి ఉంది. ఆ గుర్తు చూసినవాళ్లకు, లోపల తిరిగే వాహనానికి దారి ఇవ్వకుండా దూరాడేమో అన్న అనుమానం రావచ్చు.

సరే, ఆగి ఉంది కాబట్టి 1వ వాక్యం పెడదామా? అక్కడ ఇటాలియన్‌లో ‘ఇన్ ఫెర్మాతా, ఇన్ సోస్తా’ అని ఉంటుంది. ఇటలీ రోడ్డు చట్టంలోని 157వ అధికరణం ఆగడాన్ని విడదీసి చెబుతుంది. మనుషులను ఎక్కించుకోవడానికో దించడానికో కాసేపు ఆపితే ‘ఫెర్మాతా’. బండి పెట్టేసి వెళ్లడం ‘సోస్తా’. ట్రాఫిక్ కారణంగా ఆగాల్సి రావడం ఈ రెండూ కాదు, దానికి ‘అర్రెస్తో’ అని వేరే మాట ఉంది. అది ఈ వాక్యంలో లేదు. దారి ఇవ్వడానికి ఆగిన కారుకు 1వ గుర్తు పెట్టడం కంటే, 14వ గడిలో ఒక వాక్యం రాయడం నయం. అది డ్రైవరు తన మాటల్లో రాసుకునే చోటు. ‘ఏరో ఫెర్మో పేర్ దారే లా ప్రెచెదెంత్సా’, అంటే దారి ఇవ్వడానికి ఆగి ఉన్నాను. నడిపింది ఆడవాళ్లయితే ‘ఫెర్మో’ బదులు ‘ఫెర్మా’. ఇటాలియన్ రాకపోతే ఈ గడిలో ఇంగ్లీషులో రాసినా, జర్మన్‌లో రాసినా ఫరవాలేదు.

ఇక ఇటలీ ఆయన వైపు. ఆయనకు వర్తించేది 8వ వాక్యం. అదే దిశలో, అదే వరుసలో వెళ్తూ ముందున్న బండిని వెనక నుంచి గుద్దింది అని. దీనికి ఇటాలియన్‌లో ఒక్క మాటే ఉంది, ‘తంపొనామెంతో’. ఈ పసుపు చదరంలో గుర్తు పడిందా లేదా అన్నదే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం. ముందు బండికి తగినంత దూరం పాటించాలన్నది అక్కడి నియమం కాబట్టి, వెనక నుంచి గుద్దినవాడే దూరం పాటించలేదన్న ఊహతో విచారణ మొదలవుతుంది. గుర్తులయ్యాక కింద ఎవరెన్ని పెట్టారో అంకె వేయాలి. ఇక్కడ ‘ఎ’కి 0, ‘బి’కి 1. ఇద్దరూ విడిపోయాక ఎవరైనా ఇంకో గుర్తు చేర్చకుండా ఉండటానికే ఈ అంకె. సున్నా అయినా వదిలేయకుండా రాయాలి.

ఇదే జాబితాలో మరో రెండు వాక్యాలు తెలిసి ఉండాలి. 16వది ‘కుడి వైపు నుంచి వస్తోంది’. చూడటానికి దిక్కు చెబుతున్నట్టే ఉంటుంది. కానీ గుర్తులు, బోర్డులు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడికే ముందు దారి. అందుకని ఆ గుర్తు పెట్టడమంటే ‘దారి హక్కు నాది’ అనడమే. 17వది ‘దారి ఇమ్మన్న బోర్డును గానీ ఎర్ర లైటును గానీ పట్టించుకోలేదు’. దాని ఎదురుగా గుర్తు పడితే ఇక ఆ డ్రైవరు తరఫున వాదించడానికి మిగిలేది చాలా తక్కువ.

నష్టం రాయడానికి రెండు గడులున్నాయి. 10వ గడిలోని వాహనం బొమ్మ మీద, మొదట ఎక్కడ తగిలిందో అక్కడికి బాణం గీయాలి. 11వ గడిలో కంటికి కనిపించే నష్టం రాయాలి. ‘వెనక దెబ్బతింది’ అని ఊరుకోకుండా ఏ భాగానికి ఏమైందో చెప్పాలి. ‘పరఉర్తి పోస్తెరియోరే రొత్తో’, వెనక బంపరు పగిలింది. ‘పోర్తెల్లోనే అమ్మక్కాతో’, డిక్కీ తలుపు సొట్టపోయింది. ముందు భాగమైతే ‘అంతెరియోరే’, గీత పడితే ‘గ్రాఫ్ఫియాతో’. ఈ నాలుగైదు మాటలతో చాలావరకు గడిచిపోతుంది. బంపరు వెనక ఉండే సెన్సర్లు పాడయ్యాయో లేదో రోడ్డు మీద తెలియదు, తెలిసినట్టు రాయనూ కూడదు. అది తర్వాత సర్వేయరు, అక్కడి మాటలో ‘పెరీతో’, చూసి తేలుస్తాడు. అంతకుముందే ఉన్న పాత గీతలు ఏ కారుకున్నా, ఫొటోల్లో కొత్త దెబ్బతో కలిసిపోకుండా విడిగా తీసుకోవాలి.

మాటల్లో మాత్రం తప్పు ప్రస్తావన వస్తుంది. ‘తోర్తో’ అంటే తప్పు తనవైపు ఉండటం, ‘రజోనే’ అంటే న్యాయం తనవైపు ఉండటం. ఇటలీ ఆయన ‘తోర్తో’ నాదే అన్నాడని నిశ్చింతగా ఉండకూడదు. నోటిమాట కాగితం మీదికి రాదు. అలాగే మొహమాటానికి పోయి 14వ గడిలో తప్పు నాదని రాయనూ కూడదు. మూడో మాట ‘కొంకోర్సో ది కోల్పా’, ఇద్దరికీ తప్పులో వాటా. ఇటలీ పౌర స్మృతిలోని 2054వ అధికరణం ప్రకారం, రెండు వాహనాలు ఢీకొంటే, మరో విధంగా రుజువయ్యేదాకా ఇద్దరూ సమానంగా కారకులేనన్న ఊహ ఉంటుంది. అంటే గుర్తులు సరిగ్గా లేక, సాక్షులూ లేక, ఏం జరిగిందో తేలకపోతే సగం నష్టం ఆగి ఉన్న కారువాళ్ల నెత్తినే పడవచ్చు. 5వ గడిలో సాక్షి పేరు, ఫోను నంబరు అక్కడికక్కడే రాయించుకోవాలనేది ఇందుకే.

చివరికి సంతకం. ఇటలీ బీమా చట్టం, అంటే 2005 నాటి 209వ శాసనం, 143వ అధికరణంలో దీని బరువు చెబుతుంది. ఇద్దరూ సంతకం చేసిన ఫారంలో ఉన్నట్టే ప్రమాదం జరిగిందని భావిస్తారు, కాదంటే బీమా కంపెనీయే రుజువు చేయాలి. ఒక్కరే సంతకం చేసినా కాగితం క్లెయిముకు పనికొస్తుంది, కానీ ఆ బలం ఉండదు. అందువల్ల అవతలివాడు రాసిన దానితో ఏకీభవించనప్పుడు సంతకం చేయకపోవడమే మేలు. తమ వైపు కథను ఫొటోలతో సహా తమ కంపెనీకి విడిగా పంపుకోవచ్చు. 3వ గడిలో చిన్న గాయానికైనా ‘ఉంది’ అని రాయాల్సి వస్తే, లేదా అవతలివాడు వాదనకు దిగితే, 112కి ఫోను చేయాలి.

జర్మనీకి తిరిగొచ్చాక ఇటలీ కంపెనీతో ఇటాలియన్‌లో ఉత్తరాలు నడపక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ప్రతి బీమా కంపెనీకీ మిగతా సభ్య దేశాల్లో క్లెయిముల ప్రతినిధి ఉండాలి. 3 నెలల్లోగా పరిహారం ఎంతో చెప్పాలి, లేదా ఎందుకివ్వరో కారణాలతో జవాబివ్వాలి. అయితే పరిహారం లెక్క సాధారణంగా ప్రమాదం జరిగిన దేశం, అంటే ఇటలీ చట్టం ప్రకారమే ఉంటుంది. ఆ ప్రతినిధి ఎవరో వెతకడానికి కావలసినవన్నీ 7, 8 గడుల్లో ఉంటాయి: నంబరు ప్లేటు, కంపెనీ పేరు, పాలసీ నంబరు. అవతలి కారు బీమా కాగితం అడిగి చూసి, అక్షరం అక్షరం సరిపోల్చుకోండి.

ఇటలీకి కారులో బయల్దేరేవాళ్లు తమ బీమా కంపెనీ నుంచి తెలిసిన భాషలో ఖాళీ ఫారం ఒకటి తీసుకుని కారులో పెట్టుకోండి. సంతకం పెట్టే ముందు 12వ గడిలో మీ వైపు, అవతలివాడి వైపు ఏ గుర్తులున్నాయో, 14వ గడిలో అతనేం రాశాడో పక్కన పెట్టుకుని చూడండి. అర్థం కాని వాక్యం ఒక్కటి ఉన్నా, అర్థమయ్యేదాకా పెన్ను తీయకండి.