వీలునామా రాయించిందెవరు?

తండ్రి పోయిన నెలకు పెద్ద కొడుకు బీరువాలోంచి ఓ కాగితం తీస్తాడు. ఇల్లు, పొలం అంతా అతనికే. ఇద్దరు ఆడపిల్లల పేర్లు ఎక్కడా లేవు. కింద తండ్రి సంతకం ఉంది, ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉన్నాయి. ఇంకేం కావాలి?

చట్టం ముక్కున చదివితే ఇంకేమీ అక్కర్లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది ఇంతే: రాసిన వ్యక్తి సంతకం లేదా నిశాని, ఇద్దరు సాక్షుల సంతకాలు. కోర్టుకు వెళ్లాక ఆ సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాలి. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

చిక్కు వేరేచోట ఉంది. మామూలు అమ్మకం దస్తావేజు మీద తగాదా వస్తే, సంతకం పెట్టినవాణ్ని పిలిచి అడగొచ్చు. వీలునామా విషయంలో ఆ మనిషి లేడు. అందుకే దాన్ని ముందుకు తెచ్చినవాళ్లే రుజువు భారం మొయ్యాలి. అందులో లాభం పొందేవాడే దాన్ని దగ్గరుండి రాయించాడని తేలితే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

దీనికి మన కోర్టులు ఇప్పటికీ ముందుగా తీసే తీర్పు వెంకటాచల అయ్యంగార్ కేసుది. మైసూరు ప్రాంతానికి చెందిన ఓ పెద్దావిడ 1945లో రాసినట్టు చెప్పిన వీలునామా అది. దాన్ని కోర్టులో పెట్టిన వ్యక్తే దాని తయారీలో ప్రధాన పాత్ర పోషించాడు. ఆస్తిలో గణనీయమైన భాగం దక్కింది అతని కొడుకులకు. హైకోర్టు వీలునామాను ఒప్పుకోలేదు. 1958లో సుప్రీంకోర్టు కూడా అతని అప్పీలును కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ గజేంద్రగడ్కర్ చెప్పిన సూత్రం తేలికగా అర్థమవుతుంది: సంతకం ఆమెదేనని తేలినంత మాత్రాన సరిపోదు, అందులో ఏం రాసుందో తెలిసి, ఇష్టపడి పెట్టిన సంతకమని న్యాయమూర్తి మనసుకు నమ్మకం కలగాలి. అనుమానాలు ఉంటే వాటిని తీర్చాల్సింది వీలునామా తెచ్చినవాళ్లే.

మొదట చెప్పిన పెద్ద కొడుక్కి ఇదే సూత్రం పెట్టి చూద్దాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆడపిల్లల లాయరు మోసం అనే మాటే ఎత్తడు. దస్తావేజు లేఖరి దగ్గరకు వెళ్లిందెవరు, సర్వే నంబర్లు చెప్పిందెవరు, ఫీజు ఇచ్చిందెవరు అని అడుగుతాడు. అన్నిటికీ జవాబు ‘నేనే’ అనుకోండి. సాక్షులిద్దరూ తన కొట్లో పనివాళ్లే. రాసిన కాగితం తండ్రికి చదివి వినిపించారా అంటే ఒక సాక్షి అవునంటాడు, రెండోవాడు గుర్తులేదంటాడు. అప్పటికి తండ్రికి చూపు సరిగా లేదు. ఆడపిల్లల్ని ఎందుకు వదిలేశారో వీలునామాలో ఒక్క మాటా లేదు. వీటిలో ఏ ఒక్కటీ వీలునామాను పడగొట్టకపోవచ్చు. అన్నీ ఒకచోట చేరేసరికి ఆ కాగితం నిలబడటం కష్టం.

ఇక్కడ చాలామంది పొరబడేది రిజిస్ట్రేషన్ దగ్గర. సబ్ రిజిస్ట్రార్ ముద్ర ఉంటే తిరుగులేదనుకుంటారు. అస్సాం నుంచి వచ్చిన రాణీ పూర్ణిమా దేవి కేసులో, రిజిస్టరైన వీలునామాను సైతం సుప్రీంకోర్టు 1961లో నమ్మలేదు. తాను ఒప్పుకుంటున్నది వీలునామా అనీ, అందులో ఫలానాది ఉందనీ రాసిన మనిషికి తెలిసేలా రిజిస్ట్రేషన్ జరిగితేనే దానికి విలువ. మొక్కుబడిగా జరిగితే అది అనుమానాన్ని తీర్చదు.

అలాగని ప్రతి అనుమానమూ వీలునామాకు ఉరి కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పెంటకోట సత్యనారాయణ కేసులో 2005లో సుప్రీంకోర్టు వీలునామాను సమర్థించింది. లాభం పొందే వ్యక్తి ఆ సమయంలో పక్కన ఉన్నంత మాత్రాన ప్రధాన పాత్ర పోషించినట్టు కాదని చెప్పింది. సహజ వారసులకు తక్కువ దక్కడం కూడా దానంతటదే దోషం కాదు. అసలు అందరికీ చట్టం చెప్పినట్టే పంచాలనుకుంటే వీలునామా రాయాల్సిన పనేముంది? వృద్ధాప్యంలో తల్లిదండ్రుల్ని చూసుకున్న బిడ్డే సాధారణంగా లేఖరిని పిలుస్తాడు, కారులో తీసుకెళ్తాడు. దాన్నే నేరంగా చూస్తే చాకిరీ చేసినవాళ్లే నష్టపోతారు.

ఇంకో తేడా కూడా ఉంది. అనుమానాలు తీర్చడం వీలునామా తెచ్చినవాళ్ల పని. కానీ బెదిరించి రాయించారు, మోసం చేశారు అని ఎదుటివాళ్లు ఆరోపిస్తే, ఆ ఆరోపణను రుజువు చేయాల్సింది వాళ్లే.

కాబట్టి వీలునామా రాయదలచిన పెద్దలు లేఖరికో లాయరుకో స్వయంగా చెప్పి రాయించుకోవాలి. ఆ సమయంలో ఆస్తి దక్కేవాళ్లు బయట ఉండటం మంచిది. ఆస్తితో, ఆ బిడ్డతో సంబంధం లేనివాళ్లను, తమకన్నా చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోవాలి. ఎవరికైనా ఇవ్వకపోతే ఎందుకో రెండు వాక్యాల్లో అందులోనే రాయించాలి.