డబ్బు ఎక్కడ ఆగింది?

సిద్దిపేటలో ఒక కిరాణా కొట్టు. యూపీఐతో కట్టిన డబ్బు మన ఖాతాలోంచి పోయింది, కొట్టులో సౌండ్‌బాక్స్ మాత్రం పలకలేదు. ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది?

ఆ చెల్లింపు యాప్, ఎన్‌పీసీఐ, రెండు బ్యాంకుల సర్వర్ల గుండా వెళుతుంది. ప్రతి సర్వరూ తన పనిని లాగ్‌లో రాసుకుంటుంది. ఎన్నో చెల్లింపులు కలగలిసిన ఆ లాగ్‌లో మనదాన్ని గుర్తించేందుకు 12 అంకెల సంఖ్య ఒకటి ప్రతి సందేశంతోనూ ప్రయాణిస్తుంది. ఎవరి లాగ్‌లో వాళ్లు దాన్నే వెతుకుతారు:

```
grep 412345678901 upi.log
```

మన బ్యాంకులో ‘డబ్బు తీశాం’ అని, ఎన్‌పీసీఐలో ‘కొట్టు బ్యాంకుకు పంపాం, జవాబు రాలేదు’ అని ఉందనుకోండి. ఇక కొట్టు బ్యాంకు లాగ్ చూడాలి. అక్కడ ఆ సంఖ్యే లేకపోతే సందేశం చేరి ఉండకపోవచ్చు. ‘జమ చేశాం’ అని ఉంటే తప్పిపోయింది జవాబు మాత్రమే. అది చూడకుండా మనకు డబ్బు వెనక్కిస్తే, ఒకే సొమ్ము కొట్టుకూ మనకూ రెండుచోట్లా చేరుతుంది.