బిల్లింగ్ మార్పుకు సిబ్బంది ఒప్పుకోనప్పుడు

సంస్థల్లో మార్పు తేవడానికి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు జాన్ కాటర్ 1996లో ‘లీడింగ్ ఛేంజ్’ పుస్తకంలో ఎనిమిది మెట్లు చెప్పారు. మార్పు తక్షణ అవసరమని అందరికీ తెలిసేలా చేయడం వాటిలో మొదటిది.

ఒక మందుల హోల్‌సేల్ దుకాణం పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తది పెట్టుకుంటోందనుకుందాం. ‘పాతది పాతబడింది’ అంటే గుమస్తాలు కదలరు. బ్యాచ్ నంబరు తప్పుపడి వాపసు వచ్చిన బిల్లుల కట్టను వాళ్ల ముందు పెడితే విషయం అర్థమవుతుంది.

రెండో మెట్టు మార్పును నడిపే బృందం. ఇందులో యజమాని, కంప్యూటర్ మనిషి ఉంటే చాలదు. మిగతావాళ్లు ఎవరి మాట వింటారో ఆ సీనియర్ గుమస్తా కూడా ఉండాలి. ఎక్కువగా వ్యతిరేకించేదీ ఆయనే కావచ్చు. కారణం అడిగితే, పది కొంటే ఒకటి ఉచితమిచ్చే స్కీమును కొత్త తెరపై రెండు వరుసల్లో కొట్టాల్సి వస్తోందని, కౌంటర్ దగ్గర జనం ఆగిపోతున్నారని చెబుతాడు. అది మొండితనం కాదు, నిజమైన అడ్డంకి. దాన్ని తొలగించడం అయిదో మెట్టు: ఉచిత సరుకుకు అదే వరుసలో గడి పెట్టించాలి.

ఆరోది చిన్న విజయం. ముందు ఒక్క కౌంటర్‌లోనే మొదలుపెట్టి, రాత్రి లెక్క త్వరగా తేలడం అందరికీ చూపించాలి.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. పని అయిపోయిందని తొందరపడి ప్రకటించడం పెద్ద పొరపాటని కాటర్ హెచ్చరించారు. రద్దీ వేళ ఎవరైనా పాత సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నారంటే మార్పు ఇంకా కుదురుకోలేదన్నమాట. నెలాఖరు లెక్కలు, ఎక్స్‌పైరీ వాపసులు కూడా కొత్తదానిలో సరిపోయాక పాతదాన్ని చూడటానికి మాత్రమే ఉంచి, అందులో కొత్త బిల్లులు కొట్టకుండా ఆపేయాలి.