చిరంజీవి మనవడికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది

విదేశంలో చదువుకుంటున్న మనవడితో అమ్మమ్మ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటుంది. తిన్నావా, ఏం వండుకున్నావు, అక్కడ చలిగా ఉందా అని అడిగేలోపు వాడికి క్లాసు టైమవుతుంది, లేదా ఈవిడకి దీపం పెట్టే వేళవుతుంది. చెప్పాలనుకున్నవి సగం అలాగే ఉండిపోతాయి. అందుకే ఉత్తరం రాద్దామని కాగితం తీసి, అలవాటు తప్పిపోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మళ్లీ లోపల పెట్టేసే పెద్దవాళ్లు ఉన్నారు. మన పాత ఉత్తరానికి ఒక వరస ఉంది. అది గుర్తొస్తే కలం దానంతటదే సాగుతుంది. కోనసీమ పల్లె నుంచి అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మనవడికి ఒక అమ్మమ్మ రాసినట్టు ఊహించుకుని, ఆ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

కాగితం నెత్తిన మధ్యలో ‘శ్రీరామ’ అని గానీ, ఉత్త ‘శ్రీ’ అని గానీ ఉంటుంది. దాని కింద కుడివైపు ఊరి పేరు, తిథి. ‘విశ్వావసు నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి, మంగళవారం’ అని రాసి, దాని కిందే 29-7-2025 అని కూడా వేయాలి. తిథి అమ్మమ్మ లెక్క, తేదీ మనవడి లెక్క. ఇందులో ఒక మెలిక ఉంది. తాతగారి తద్దినమో, పండగో ఫలానా తిథినాడు అని రాస్తే, మనకు వచ్చిన తేదీకే అక్కడా వస్తుందని అనుకోకూడదు. తిథి మొదలయ్యే క్షణం లోకానికంతటికీ ఒకటే. కానీ ఆ రోజుది ఏ తిథి అన్నది సామాన్యంగా ఆ ఊళ్లో సూర్యోదయాన్ని బట్టి చెబుతారు. అక్కడి తెల్లవారుజాము మనకంటే చాలా గంటలు వెనక గనక, కొన్నిసార్లు అదే తిథి అక్కడ ఒకరోజు ముందే వస్తుంది. ‘తేదీ అక్కడి గుడిలో పంచాంగం చూసి అడుగు నాన్నా’ అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇక సంబోధన. ‘చి. బుజ్జికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.’ పాతవాళ్లు దీన్ని ‘ఉ.కు.’ అని రెండక్షరాల్లో తేల్చేసేవారు. చదివేవాడికి అది తెలుసు గనక సరిపోయేది. ఇప్పటి పిల్లలకు రాసేటప్పుడు పూర్తిగా రాయడమే మేలు. పెళ్లయిన మనవరాలైతే ‘చి.ల.సౌ.’, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెళ్లికాని పిల్లకి ‘చి.’ చాలు. ఈ రెండు వరసల్లోనే ఉత్తరం ముఖ్యమైన పని ఒకటి జరిగిపోతుంది. దేశం కాని దేశంలో ఇంటి నుంచి వచ్చిన కవరు చించే మనిషి గుండె దడదడలాడుతుంది. అందరం క్షేమం అని మొదటే చూసుకున్నాక మిగతాది నింపాదిగా చదువుకుంటాడు.

కబుర్ల దగ్గరికి వచ్చేసరికి రాసేవాళ్లు తరచూ తడబడతారు. ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఈలోపు పెద్ద వార్తలన్నీ వాట్సాప్‌లో చేరిపోతాయి. ‘రేపు మీ అమ్మ వస్తోంది’ అని రాస్తే, అది చదివేనాటికి వాళ్లమ్మ వచ్చి వెళ్లిపోయి కూడా ఉంటుంది. ఉత్తరంలో రాయాల్సింది ఫోన్లో ఎవరూ చెప్పనివి. మన అమ్మమ్మ ఇలా రాసింది:

‘ఈసారి సార్వా నాట్లు కాస్త వెనకబడ్డాయి. కాలవ నీళ్లు మన చేలోకి ఎక్కేసరికి ఆలస్యమైంది. మీ పెద్ద మామయ్య నాలుగు రోజులు గట్టుమీదే ఉన్నాడు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నొసటన తెల్లమచ్చ. జున్ను వీధిలో అందరికీ పంచాం. నీ వాటా అని మీ అత్త ఒక గిన్నె పక్కన పెట్టింది. సాయంత్రం పక్కింటి పిల్లాడు వస్తే, వీడిలోనూ మన బుజ్జిగాడు ఉన్నాడులే అని వాడి చేతిలో పెట్టింది.’

ఆవు ఈనింది అన్న వార్త ఫోన్లో అయితే ఒక్క మాట. ఆ పక్కన పెట్టిన గిన్నె మాత్రం ఉత్తరంలోకే వస్తుంది.

చుట్టాల సంగతి రాసేటప్పుడు వరస ఒక్కటే చెబితే ఈ పిల్లలకు అందదు. ‘మీ అమ్మ పెదనాన్నగారి మనవరాలికి పెళ్లి కుదిరింది’ అంటే ఎవరో ఏమిటో అని ఆ వాక్యం దాటేస్తాడు. దానికి వాడి సొంత జ్ఞాపకం ఒకటి జోడించాలి: ‘వేసవి సెలవుల్లో నీతో కాలవరేవులో కాగితప్పడవలు వేసేదే, నీ పడవ మునిగిపోతే తనది నీకిచ్చేసిందే, ఆ పిల్ల. అమలాపురం సంబంధం. మాఘమాసంలో ముహూర్తం చూస్తున్నారు.’ ఇప్పుడు పెళ్లికూతురు ఎవరో వాడికి కళ్లముందు నిలుస్తుంది.

కష్టం కబురు రాయడంలో మన పెద్దవాళ్ల నేర్పు చూడాలి. మరణవార్తకి పూర్వం వేరే కార్డే ఉండేది. పైన ‘శ్రీ’ ఉండేది కాదు, పసుపు చుక్క ఉండేది కాదు, చదివిన వెంటనే చింపేసేవారు. పెళ్లి కబురైతే నాలుగు మూలలా పసుపు. కాబట్టి ఆశీస్సులు పంపే ఉత్తరంలో చావు కబురు చొప్పించరు. ఆ సంగతి ఫోన్లో, అదీ వాడి పక్కన ఎవరో ఒకరు ఉన్న వేళ చూసుకుని చెప్పాలి. జబ్బులు, దెబ్బలు మాత్రం దాచకూడదని నా గట్టి అభిప్రాయం. అమ్మమ్మ దాచినా ఫ్యామిలీ గ్రూపులో కట్టు కట్టిన కాలి ఫోటో ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఆ తర్వాత ఆవిడ ‘క్షేమం’ అని రాసినా వాడు నమ్మడు. రాయడానికి పద్ధతి ఉంది. ముందు ఇప్పుడెలా ఉందో చెప్పి, జరిగింది తర్వాత చెప్పాలి:

‘నేను ఇప్పుడు బాగానే నడుస్తున్నాను, పూజకి పూలు కూడా నేనే కోసుకుంటున్నాను. పోయిన నెల వానలకి వాకిట్లో నాచు పట్టి కాలు జారాను. చీలమండ బెణికింది. ఎముకకేమీ కాలేదని ఎక్స్‌రే తీసి చెప్పారు. కట్టు విప్పేశారు. నీకు చెప్పొద్దని మీ అమ్మకి నేనే చెప్పాను. దాన్నేమీ అనకు.’

ఇదే సంగతి ‘కాలు జారి పడ్డాను’ అని మొదలుపెట్టి ఉంటే, చివరిదాకా చదివేలోపే వాడు ఫోన్ అందుకునేవాడు. ఆఖరి వాక్యం కూడా ముఖ్యమే. తల్లీకొడుకుల మధ్య రాబోయే మాటపట్టింపుని అమ్మమ్మ ముందే తన మీద వేసుకుంది.

బుద్ధులు చెప్పకుండా అమ్మమ్మ ఉండలేదు, ఉండక్కర్లేదు కూడా. అయితే పక్కింటి వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చిందట, నీకెప్పుడు అన్న రకం మాట ఒక్కటి పడితే పైన రాసిన ప్రేమంతా వృథా. వాడు ఆ వాక్యాన్నే గుర్తుపెట్టుకుంటాడు. దాని బదులు వాడికి పనికొచ్చేది ఏదన్నా రాయొచ్చు. మన అమ్మమ్మ మిరియాల చారు రాసింది. గిద్దెడు, చారెడు అంటే వాడికి అంతు చిక్కదని కొలతలు చెంచాల్లోకి మార్చింది: ‘చిన్న నిమ్మకాయంత చింతపండు రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టి పిసుకు. అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచు. పసుపు, ఉప్పు వేసి మరగనిచ్చి ఆ పొడి చివర్లో వెయ్యి. ఒక్క పొంగు రాగానే దింపెయ్యి, ఎక్కువ మరిగిస్తే ఘాటు పోతుంది. ఇంగువ తిరగమోత మరిచిపోకు. జలుబు చేస్తే మందులకి ముందు ఇది తాగు.’

దీవెనలు ఆఖర్న. ‘విద్యాప్రాప్తిరస్తు, ఇష్టకామ్యార్థసిద్ధిరస్తు, దీర్ఘాయురస్తు’ అన్న మాటలు ఉండాల్సిందే. పక్కనే తెలుగులో విడమరిచి రాస్తే ఆ దీవెన వాడికి సూటిగా తగులుతుంది. ‘నీ పరీక్షలు గట్టెక్కాలి, నీ వీసా కాగితాలకి ఏ అడ్డూ రాకూడదు, నువ్వు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాలి. మీ మామయ్య, అత్త ఆశీస్సులు రాయమన్నారు. చంటిది నమస్కారం రాయమంది. నీ గదిలో ఉన్న పిల్లలందరికీ నా దీవెనలు చెప్పు. ఇట్లు, మీ అమ్మమ్మ.’ కింద ‘తా.క.’ అని పెట్టి, అప్పటిదాకా గుర్తురాని సంగతి: ‘మొన్నటి గాలివానకి పెరట్లో చింతచెట్టు ఒరిగింది గానీ పడలేదు. మామయ్య కొట్టించేస్తానంటే నువ్వొచ్చి చూసేదాకా వద్దన్నాను.’

చేతివణుకు వల్ల రాయలేని అమ్మమ్మలు చెబుతుంటే వేరేవాళ్లు రాస్తారు. అలా రాసేవాళ్లు ఆవిడ భాషని దిద్దకూడదు. ఆవిడ ‘వచ్చేవు, చూసేను’ అంటే అలాగే రాయాలి. చదివేవాడికి అక్కడే ఆవిడ గొంతు వినిపిస్తుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు గొలుసుకట్టు రాత చదవడం కష్టం. గీతల కాగితం మీద వరస వదిలి వరస, ఒత్తులు స్పష్టంగా తెలిసేలా రాస్తే కూడబలుక్కునైనా చదువుతాడు.

పోస్టు చేసేముందు రెండు మూడు జాగ్రత్తలు. విదేశాల ఉత్తరానికి మొదటి ధర 20 గ్రాముల వరకే. మామూలు ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు ఉంటుంది గనక, కవరుతో కలిపి మూడు కాగితాలు మించకుండా చూసుకోవాలి. అక్షింతలు లోపల వేయకండి. గింజల విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు చాలా కఠినంగా ఉంటాయి, ఉత్తరం మొత్తం ఆగిపోవచ్చు. అక్షింతలు ఇంట్లోనే ఆ ఉత్తరం మీద చల్లి, కాగితం దులిపి, మూలలకి పసుపు రాసి కవరులో పెడితే సరిపోతుంది. చిరునామా ఇంగ్లీషులో, అపార్ట్‌మెంట్ నంబరు, జిప్ కోడ్‌తో సహా, దేశం పేరు చివరి వరసలో పెద్దక్షరాలతో రాయాలి. విద్యార్థులు తరచూ ఇళ్లు మారుతుంటారు కాబట్టి కవరు అంటించేముందు వాడినే మరోసారి అడగడం మంచిది. వెనకవైపు మన చిరునామా, లోపలి కాగితాలకి ఇంట్లో ఫోన్లో ఒక ఫోటో ఉంటే దారిలో పోయినా మాట దక్కుతుంది.

మనవడు జవాబు రాస్తే ‘అమ్మమ్మగారికి నమస్కరించి వ్రాయునది’ అంటే చాలు. భర్త పోయిన ఆడవాళ్లకి రాసేటప్పుడు పూర్వం పేరు ముందు ‘గం.భా.స.’ అని పెట్టేవారు. గంగాభాగీరథీ సమానురాలు అని గౌరవంగానే అనుకున్నా, కవరు మీదే ఆవిడ వైధవ్యాన్ని ఊరంతటికీ చాటే మాట అది. దాన్ని మాత్రం తిరిగి తీసుకురానక్కర్లేదు.